నడక నుంచి 5 కిలోమీటర్ల పరుగుకు 8 వారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక మండల కేంద్రంలో హైస్కూలు పీఈటీని. తెల్లవారుజామున మా గ్రౌండుకు వాకింగుకు వచ్చేవాళ్ళలో కొందరు ఏటా కార్తీకమాసం చివర్లో, కాస్త చలి పడగానే, "మాస్టారూ, ఈసారి పరుగు మొదలుపెడదామనుకుంటున్నాం" అని వస్తారు. వాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. నా జవాబులు ఇవీ. మధ్యలో మా స్కూలు లెక్కల మేడం ప్రస్తావన చాలాసార్లు వస్తుంది. ఆవిడ వయసు 44. చిన్నప్పుడు కూడా పరుగెత్తిన అలవాటు లేదు. ప్రతి రోజూ ఎంత పరుగెత్తిందో గళ్ళ నోటుబుక్కులో రాసుకుంది కాబట్టి ఆవిడ లెక్కలు నా దగ్గర ఉన్నాయి. అడిగే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్లాను ఎవరికి పనికొస్తుంది?

అరగంట పాటు ఆగకుండా, కొంచెం చురుగ్గా నడవగలిగితే చాలు. అది కూడా కష్టంగా ఉంటే ముందు మూడు వారాలు నడకే నడవండి. ఆ మూడు వారాలు వృథా పోవు. మీ పాదాలు, పిక్కలు ఆ మేరకు గట్టిపడతాయి.

డాక్టరుకు చూపించుకోవాలా?

అందరికీ అక్కర్లేదు, కానీ కొందరికి తప్పనిసరి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, మెట్లెక్కితే ఛాతీలో బరువుగా అనిపించేవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు, ఇంట్లో అన్నకో నాన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ రకం మాత్రలు గానీ వాడేవాళ్ళు కూడా అంతే. వీళ్ళకు పరుగుతో షుగరు బాగా పడిపోవచ్చు. డోసు, తిండి వేళ డాక్టరుతో మాట్లాడి సరిచేసుకోవాలి. గ్రౌండుకు వచ్చేటప్పుడు జేబులో నాలుగు గ్లూకోజు బిళ్ళలో, కాసింత పంచదారో పెట్టుకోవాలి.

పరుగులో ఉండగా ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చల్లచెమటలు పట్టినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగండి. "గ్యాసేమోలే" అనుకుని ఇంటికి వెళ్ళి పడుకోకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

ప్లాను ఏంటి?

వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విడిచి. మేము సోమ, బుధ, శనివారాలు పెట్టుకున్నాం. ప్రతిసారీ మొదట 5 నిమిషాలు నడక, చివర్లో 5 నిమిషాలు నడక. మధ్యలో ఇదీ వరస:

1వ వారం: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక. ఇలా 8 సార్లు.
2వ వారం: 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. 6 సార్లు.
3వ వారం: 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. 5 సార్లు.
4వ వారం: 5 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. 4 సార్లు.
5వ వారం: 8 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక. 3 సార్లు.
6వ వారం: 12 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, మళ్ళీ 12 నిమిషాలు పరుగు. శనివారం మాత్రం 15 పరుగు, 2 నడక, 10 పరుగు.
7వ వారం: సోమవారం ఆగకుండా 20 నిమిషాలు. బుధవారం 20 పరుగు, 2 నడక, 10 పరుగు. శనివారం ఆగకుండా 25 నిమిషాలు.
8వ వారం: సోమవారం ఆగకుండా 30 నిమిషాలు. బుధవారం తేలిగ్గా 15 నిమిషాలు మాత్రమే. శనివారం 5 కిలోమీటర్లు.

ఇలా నడకా పరుగూ కలిపే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1996లో జాష్ క్లార్క్ అనే అమెరికా కుర్రాడు యాభై దాటిన తన తల్లిని పరుగులోకి దించడానికి 9 వారాల ప్లాను ఒకటి రాశాడు. ప్రపంచమంతా తిరుగుతున్న ఇలాంటి ప్లాన్లలో చాలావాటికి మూలం అదే. పైన రాసింది మా గ్రౌండుకు, మావాళ్ళకు తగ్గట్టు నేను సర్దుకున్నది.

ఒక్క నిమిషానికే ఆయాసం వస్తోంది. నాకు పరుగు పడదంటారా?

పడుతుంది. మీరు వేగంగా వెళుతున్నారు, అంతే. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది చేసే తప్పు ఇదే. "పరుగు" అనగానే మన ఒంటికి గుర్తొచ్చేది ఏడో తరగతిలో పరుగుపందెం. విజిల్ వినగానే పరుగందుకుంటాం.

లెక్కల మేడం కూడా మొదటి సోమవారం అదే చేసింది. మా గ్రౌండులో సున్నంతో గీసిన ట్రాకు ఒక రౌండు 200 మీటర్లు. మొదటి నిమిషంలోనే ఆవిడ దాదాపు రౌండు పూర్తి చేసేసింది. అంటే గంటకు 12 కిలోమీటర్ల వేగం! ఏళ్ళ తరబడి పరుగెత్తేవాళ్ళలో కూడా చాలామంది మామూలు రోజున అంత వేగంగా పోరు. మూడోసారికి వచ్చి సిమెంటు బల్ల మీద కూలబడి, "నా వల్ల కాదు మాస్టారూ" అంది.

బుధవారం నేను ఒక పని చేశాను. టేపుతో కొలిచి, బయలుదేరే గీత నుంచి 120 మీటర్ల దగ్గర ఒక ఇటుక పెట్టాను. "మేడం, నిమిషం అయ్యేసరికి మీరు ఈ ఇటుక దగ్గర ఉండాలి. దాటితే తప్పు, దాటకపోతే తప్పు కాదు" అన్నాను. నిమిషానికి 120 మీటర్లంటే గంటకు 7.2 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 8 నిమిషాల 20 సెకన్లు. చురుగ్గా నడిచేవాళ్ళు గంటకు 6 కిలోమీటర్లు నడుస్తారు కాబట్టి, ఇది నడక కంటే కాస్త ఎక్కువ, అంతే. మొదటి రెండుసార్లు ఆవిడ ఇటుక దాటేసి పోయింది. మూడోసారి సరిగ్గా ఇటుక దగ్గర ఆగింది. ఆ రోజు ఎనిమిదికి ఎనిమిదీ పూర్తి చేసింది.

మీరూ ఒక ఇటుక పెట్టుకోండి. వయసు ఎక్కువైనా, బరువు ఎక్కువైనా 110 మీటర్ల దగ్గర పెట్టుకోండి, తప్పేమీ లేదు.

ఇటుక పెట్టే వీలు లేదు, రోడ్డు మీదే పరుగు. వేగం సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

మాట్లాడి చూసుకోండి. పక్కన ఎవరూ లేకపోతే ఎక్కం చదవండి. మేడం పదమూడో ఎక్కం చదివేది. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు, పదమూడు మూళ్ళ ముప్ఫై తొమ్మిది" అని ఊపిరి తీసుకోకుండా రెండు మూడు మెట్లు వస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి పట్టాల్సి వస్తే వేగం తగ్గించాలి. ఎక్కం మొత్తం ఒక్క గుక్కలో వచ్చేస్తుంటే మీరు ఇంకా నడుస్తూనే ఉన్నారు.

వేగం తగ్గించడమంటే పెద్ద అంగలు మెల్లగా వేయడం కాదు, అడుగు చిన్నది చేయడం. పాదం మోకాలికి ముందు ఎక్కడో దూరంగా కాక, ఒంటి కిందే పడాలి. చప్పుడు వినండి. థప్ థప్ మని నేల దద్దరిల్లుతుంటే అంగ పెద్దదైందని అర్థం.

మూడో వారానికే తేలికైపోయింది. రోజూ పరుగెత్తొచ్చా? రెండు వారాలు ఒకేసారి దాటేయొచ్చా?

వద్దు. ఈ జవాబు మాత్రం నిదానంగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది సరిగ్గా ఇక్కడే.

మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లోనే గుండె, ఊపిరి దారికి వస్తాయి. ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకే ఆయాసం తగ్గి, "ఇంకా పోగలను" అనిపిస్తుంది. కానీ పరుగులో ప్రతి అడుగుకూ మీ బరువుకు రెండింతలకు పైగా భారం కాలి మీద పడుతుంది. ఆ భారం మోసే ఎముక, కండరాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి పట్టీలు గట్టిపడటానికి వారాలు కాదు, నెలలు పడతాయి. పైగా ఎముక గట్టిపడే తీరు కూడా విచిత్రం. కొత్త బరువు పడగానే అది ముందు పాత పదార్థాన్ని కొంత తీసేసి, ఆ తర్వాత కొత్తది కడుతుంది. అంటే మధ్యలో కొన్నాళ్ళు మునుపటికంటే కాస్త బలహీనంగానే ఉంటుంది. మన మిద్దె మరమ్మతు లాంటిదే. పాత పెచ్చులు రాలగొట్టాక కొత్త సిమెంటు ఆరేదాకా దాని మీద ఎక్కి గంతులేయం కదా.

ఊపిరి ముందు, ఎముక వెనక. ఈ తేడా ఉన్నన్నాళ్ళూ మీ ఊపిరి చెప్పే మాట నమ్మొద్దు.

మేడం నమ్మింది. మూడో వారంలో హుషారొచ్చి, నాకు చెప్పకుండా, విశ్రాంతి రోజుల్లో సాయంత్రం పూట వాళ్ళ అబ్బాయితో కలిసి వీధిలో సిమెంటు రోడ్డు మీద పరుగెత్తింది. నాలుగో వారం బుధవారం రెండో విడత పరుగులో కుంటుతూ వచ్చి ఆగింది.

మోకాలి కింద, ముందు ఎముక పక్కన నొప్పి. ఏం చేయాలి?

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు ఎక్కువగా వచ్చే నొప్పి ఇదే. ముందు కూర్చుని, ఆ ఎముక లోపలి అంచు వెంట, అంటే రెండో కాలి వైపున్న అంచు వెంట, వేలితో మెల్లగా నొక్కుతూ పైనుంచి కిందికి రండి.

నాలుగు వేళ్ళ వెడల్పు మేర, అంతటా సలుపుగా ఉంటే, పరుగు మొదట్లో ఎక్కువగా ఉండి ఒళ్ళు వేడెక్కాక కాస్త సర్దుకుంటుంటే, అది ఎముక పై పొరకు, దాన్ని అంటిపెట్టుకున్న కండరాలకు శ్రమ ఎక్కువైన నొప్పి. పరుగు ఆపి, నొప్పి లేనంత మేర నడవండి. రోజుకు రెండు మూడుసార్లు గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెడితే హాయిగా ఉంటుంది. మామూలు నడకలో, వేలితో నొక్కినప్పుడు నొప్పి పోయాక, ఒక వారం వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టండి.

అలా కాక, నొప్పి ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ" అని చూపించగలిగేలా ఉంటే, ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోతుంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే అది వేరు. ఎముకలో సన్నటి పగులు కావచ్చు. పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అని మళ్ళీ గ్రౌండుకు రావద్దు, నొప్పి ఎలా ఉందో డాక్టరుకు పూర్తిగా చెప్పండి.

మేడంది మొదటి రకం. శనివారం పరుగు మానేసి, ఆదివారం దాకా నడక మాత్రమే నడిచింది. సోమవారం ధనుర్మాసం మొదలయ్యే వేళకు, గుడి మైకు వింటూ, మళ్ళీ మూడో వారంలో పడింది. సాయంత్రం పరుగు బంద్.

ఏ నొప్పి మామూలు, ఏది కాదు?

పిక్కలు, తొడలు రెండు కాళ్ళకూ ఒకేలా పట్టేసి, రెండు మూడు రోజుల్లో తగ్గితే అది మామూలే. ఒక్క కాలికే వచ్చి, కీలు దగ్గరో ఎముక మీదో ఉండి, మీ నడక తీరునే మార్చేస్తే మామూలు కాదు. కుంటుతూ పరుగెత్తకండి. ఆ కాలిని కాపాడబోయి రెండో కాలికి తెచ్చుకుంటారు.

పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయంటారు కదా?

మా పెద్దమ్మ కూడా అదే అంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాళ్ళతో ఈ మాత్రం దూరాలు పరుగెత్తేవాళ్ళకు, అసలు పరుగెత్తనివాళ్ళకంటే మోకీళ్ళ అరుగుదల ఎక్కువ ఏమీ కనిపించలేదు. ఇప్పటికే అరిగిన మోకాళ్ళు, పాత లిగమెంటు దెబ్బలు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఏ బూట్లు కొనాలి?

పిల్లల తెల్ల కాన్వాసు బూట్లు, ఆఫీసుకు వేసుకునే స్నీకర్లు వద్దు. "రన్నింగ్" అని ఉన్నవే తీసుకోండి. రెండున్నర వేల నుంచి నాలుగు వేల లోపు దొరికేవి ఈ దూరానికి చాలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మేజోళ్ళు వేసుకుని, నిలబడి చూసినప్పుడు పొడుగైన వేలికి ముందు బొటనవేలంత వెడల్పు ఖాళీ ఉండాలి. లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. షాపతను "వాడుతుంటే వదులవుతాయి మేడం" అంటే నమ్మకండి. మొదటి రోజు బిగుతుగా ఉన్న బూట్లతో నడవడమే కష్టం.

ఆడవాళ్ళకు బూట్ల తర్వాత అంత ముఖ్యమైనది స్పోర్ట్స్ బ్రా. ఈ సంగతి నేను చెప్పడానికి మొహమాటపడితే మేడమే మిగతావాళ్ళకు చెప్పింది. చున్నీ మాత్రం ఇంట్లో వదిలేసి రండి, లేదా గట్టిగా నడుముకు కట్టేయండి.

ఎంత మెల్లగా వెళ్ళినా ఆయాసమే. వారాలు గడిచినా మార్పు లేదు.

ఇటుక పెట్టి చూశాక కూడా అలాగే ఉంటే ఒక రక్తపరీక్ష చేయించుకోండి. మన ఆడవాళ్ళలో రక్తహీనత చాలా ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువైతే రక్తం మోసుకెళ్ళే ఆక్సిజనే తక్కువ, ఇక గుండె ఎంత కొట్టుకుని ఏం లాభం. మెట్లెక్కినా అలుపు, అరచేతులు పాలిపోవడం, జుట్టు రాలడం కూడా ఉంటే ఆలస్యం చేయొద్దు. థైరాయిడ్ కూడా చూపించుకుంటే మంచిది. పరుగు ప్లాను ఎక్కడికీ పోదు.

డొక్కలో పోటు వస్తోంది.

వేగం తగ్గించి, పోటు ఉన్న చోట చేత్తో నొక్కి, గాలిని పూర్తిగా బయటికి వదులుతూ ఊపిరి తీయండి. తగ్గకపోతే నడవండి. టిఫిను తిని గంటలోపే వచ్చేవాళ్ళకు, గటగటా చెంబెడు నీళ్ళు తాగి వచ్చేవాళ్ళకు ఇది ఎక్కువ.

పరుగుకు ముందు ఏం తినాలి?

తెల్లవారుజామున అరగంట పరుగుకు ఏమీ తినకపోయినా పర్వాలేదు. కళ్ళు తిరిగినట్టుంటే ఒక అరటిపండు. నీళ్ళు ఒక గ్లాసు. సాయంత్రం వచ్చేవాళ్ళు మాత్రం భోజనానికీ పరుగుకూ మధ్య రెండు మూడు గంటలు ఉండేలా చూసుకోండి. ఈ దూరానికి గ్లూకోజు పొడి, ఎనర్జీ డ్రింకులు దండగ. ఇంటికెళ్ళి ఇడ్లీలు తినండి.

బరువు తగ్గుతానా?

ఇదొక్కటే అయితే పెద్దగా తగ్గరు. కిలోమీటరు పరుగుకు ఖర్చయ్యేది సుమారుగా మీ బరువు ఎన్ని కిలోలో అన్ని కేలరీలు. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరుగెత్తితే 350. దారిలో ఒక ప్లేటు మైసూరు బజ్జీ తింటే చెల్లుకు చెల్లు. మేడం మొత్తం మీద రెండు కిలోలు తగ్గింది, అందులో సంక్రాంతికి ఒకటి వెనక్కి వచ్చింది.

మధ్యలో మానేయాల్సి వస్తే?

ఒకటి రెండు రోజులు పోతే ఆగినచోటి నుంచే మొదలుపెట్టండి. ఒక వారం మొత్తం పోతే, చివరగా పూర్తి చేసిన వారాన్ని మళ్ళీ చేయండి. రెండు వారాలు పోతే రెండు వారాలు వెనక్కి. మేడం ఆరో వారం పూర్తి చేసేసరికి సంక్రాంతి వచ్చింది. పుట్టింటికెళ్ళి వారం తర్వాత వచ్చి, ఆరో వారమే మళ్ళీ చేసింది.

జ్వరంలో పరుగు వద్దు. వైరల్ జ్వరమైతే తగ్గి, తిండి సయించి, మామూలు పనుల్లో నీరసం లేదనిపించాక మొదట నడవండి. డెంగ్యూ అయితే డాక్టరు సరేనన్నాకే.

విశ్రాంతి రోజుల్లో ఊరికే కూర్చోవాలా?

నడవండి, ఇంటిపని చేసుకోండి. రెండు చిన్న వ్యాయామాలు మాత్రం వారానికి రెండుసార్లు చేయమంటాను. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకెత్తి, మెల్లగా కిందికి దించడం ఒకటి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రెండోది. రెండూ 15 చొప్పున రెండు విడతలు. కాలి ముందు ఎముక నొప్పి మళ్ళీ రాకుండా మేడానికి పనికొచ్చింది మొదటిదే అని నా నమ్మకం.

ఎండాకాలంలో మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు కానీ కష్టం. మన కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున కూడా ఉక్కే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చలికాలంలో తేలిగ్గా వచ్చిన వేగమే అప్పుడు ఆయాసం తెప్పిస్తుంది. తప్పదంటే ఆరు లోపు ముగించి, ఇటుకను పది మీటర్లు వెనక్కి జరపండి. సాయంత్రం ఆరింటికి కూడా నేల సెగ కక్కుతూనే ఉంటుంది కాబట్టి పొద్దున్నే మేలు.

కుక్కలు వెంటపడుతున్నాయి!

పరుగు ఆపి నడవండి. పరుగెత్తేదాన్ని తరమడం వాటి గుణం. వాటి కళ్ళలోకి చూడకుండా, వీపు చూపించకుండా మెల్లగా పక్కకు జరగండి. కరిచినా, పన్ను గీరుకున్నా పావుగంట సబ్బుతో ధారగా కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి. నేను అందరినీ గ్రౌండుకు రమ్మనేది సగం ఇందుకే.

30 నిమిషాలు పరుగెత్తగలిగాను. కానీ 4 కిలోమీటర్లు కూడా రాలేదు. ప్లాను తప్పా?

తప్పు కాదు, లెక్క తేడా. అరగంటలో 5 కిలోమీటర్లు రావాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల వేగం ఉండాలి. కొత్తవాళ్ళలో ఎక్కువమందికి అది రాదు. చాలా ప్లాన్లు అరగంట దగ్గర ఆపేసి 5 కిలోమీటర్లు అయిపోయినట్టే రాస్తాయి. అది చూసి, కష్టపడి అన్ని వారాలు చేసినవాళ్ళు తమలో ఏదో లోపం ఉందనుకుంటారు. నాకు దీని మీద కొంచెం కోపమే ఉంది. ఇటుక వేగంతో పోతే అరగంటకు వచ్చేది 3,600 మీటర్లు. 5 కిలోమీటర్లకు దాదాపు 42 నిమిషాలు కావాలి.

అందుకే ఎనిమిదో వారం శనివారానికి రెండు దారులున్నాయి. సోమవారం 30 నిమిషాలు ఎక్కం చదువుకుంటూ పూర్తి చేశారనుకోండి, శనివారం అదే వేగంతో 5 కిలోమీటర్లకు వెళ్ళిపోండి. మధ్యలో బుధవారం తేలిగ్గా పెట్టింది ఇందుకే. సోమవారమే చివర్లో కాళ్ళు ఈడ్చాల్సి వస్తే, ఇంకో రెండు వారాలు కలుపుకోండి. తొమ్మిదో వారం చివర 34 నిమిషాలు, పదో వారం చివర 5 కిలోమీటర్లు.

ఫోనులో 5 కిలోమీటర్లు చూపిస్తే చాలా?

రోడ్డు మీద అయితే చాలు. చిన్న ట్రాకు మీద ఫోను నమ్మదగింది కాదు. మలుపు మలుపుకూ జీపీఎస్ గీత అడ్డదారి తొక్కుతుంది, పాతిక రౌండ్లలో తేడా బాగానే వస్తుంది. 400 మీటర్ల ట్రాకు అయితే పన్నెండున్నర రౌండ్లు, మాలాంటి 200 మీటర్లదైతే 25. అన్ని రౌండ్లు మనసులో లెక్కపెట్టుకోవడం లెక్కల మేడానికే సాధ్యం కాలేదు. ఆవిడ ఇంట్లోంచి 25 చింతపిక్కలు తెచ్చింది. పిడికిట్లో పట్టుకుని, గీత దాటిన ప్రతిసారీ ఒకటి బల్ల పక్కన పెట్టిన స్టీలు గిన్నెలో వేసేది.

5 కిలోమీటర్ల రోజు ఎలా పరుగెత్తాలి?

మొదటి కిలోమీటరు కావాలనే మెల్లగా. ఆ రోజు ఉత్సాహంలో ఒళ్ళు తేలిపోతుంది, అదే ముంచుతుంది. మేడం ఫిబ్రవరి మొదటి శనివారం పరుగెత్తింది. 8 వారాల ప్లాను ఆవిడకు 12 వారాలు పట్టింది. మొదటి ఐదు రౌండ్లు ఒక్కోటి 105 సెకన్ల దగ్గర పెట్టమన్నాను, అలాగే పెట్టింది. ఆరో పిక్క నుంచి 100కు వచ్చింది. పద్దెనిమిదో పిక్క దగ్గర ముఖం ఎర్రబడి, ఎక్కం ఆగిపోయింది. అప్పుడు వేగం తగ్గించమని సైగ చేశాను, రెండు రౌండ్లు తగ్గించింది. అక్కడ నడిచినా నేను తప్పుపట్టేవాణ్ణి కాదు. ఒక నిమిషం నడిచి మళ్ళీ అందుకున్నా 5 కిలోమీటర్లు 5 కిలోమీటర్లే. చివరి రెండు రౌండ్లు మాత్రం నేను చెప్పినా వినలేదు. మొత్తం 41 నిమిషాల 20 సెకన్లు, అంటే సగటున రౌండుకు 99 సెకన్లు.

అయిపోగానే గభాలున ఆగి కూర్చోకూడదు. కాళ్ళలోకి దిగిన రక్తం వెంటనే పైకి రాక కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాలు నడవాల్సిందే.

తర్వాత ఏం చేయాలి?

ఇంకో నాలుగు వారాలు అదే మూడు రోజులు, అంతే దూరం లేదా కాస్త తక్కువ. వారంలో ఒక్క రోజే 5 కిలోమీటర్లు, మిగతా రెండు రోజులు 3 చాలు. ఎముకకు ఇంకా టైము కావాలని పైన చెప్పాను కదా. వేగం సంగతి, 10 కిలోమీటర్ల సంగతి ఆ తర్వాత. మేడం వచ్చే సోమవారమే 10కి ప్లాను రాసివ్వమంది. ఏప్రిల్‌లో అడగమన్నాను. ఇటుక ఇంకా అక్కడే ఉంది. ఈ ఏడు కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఒకాయన రోజూ దాన్ని దాటేసి పోతున్నాడు.